పాత ప్రింటును క్యాడ్‌లోకి తెచ్చేటప్పుడు: ముందు కాగితం ఎంత కదిలిందో తేల్చుకోండి

ప్రశ్న: సార్, గాజువాక ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షాపు. ఒక పాత పంప్‌హౌస్‌లో ప్లాట్‌ఫారం పొడిగించే పని వచ్చింది. పార్టీ దగ్గర అమోనియా ప్రింటు ఒక్కటే ఉంది, ఏ1 షీటు, 1:50 స్కేలు. స్కాన్ చేయించి ఆటో ట్రేస్ కొడితే వేల ముక్కలొచ్చాయి. కొలిస్తే 27 మీటర్ల బిల్డింగు 26.9 దగ్గర చూపిస్తోంది. బిల్డింగుకు ఒక వైపు నుంచి మాత్రం లేజర్ స్కాన్ కూడా చేయించారు, ఆ ఫైలు ఎలా వాడాలో తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ఆటో ట్రేస్ చేసిన ఫైలు పక్కన పెట్టేయండి. దాన్ని శుభ్రం చేసే టైములో కొత్తగా గీసేయొచ్చు, అది నమ్మకంగా కూడా ఉంటుంది. ఇలాంటి డ్రాయింగులో గీతలు పుట్టాల్సింది కాగితం మీద రాసి ఉన్న అంకెల నుంచి. స్కాన్ బొమ్మకు రెండే పనులు: ఏది ఎక్కడుందో చూపించడం, అంకెల్లో అనుమానం వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పడం. కానీ సాక్ష్యం చెప్పాలంటే ముందు ఆ బొమ్మ ఎంత వంకరగా ఉందో మనకు తెలియాలి. మీ 100 మి.మీ. తేడా అక్కడిదే.

కాగితం తేమకు సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. రెండు వైపులా ఒకేలా కాదు. నార ఉన్న దిశలో తక్కువ, దానికి అడ్డంగా ఎక్కువ. వైజాగ్ గాలిలో ఏళ్ల తరబడి చుట్టి పెట్టిన షీటుకు ఇది తప్పదు. దీనికి తోడు ఊళ్లో ఉండే పెద్ద స్కానర్లు రోలర్లతో కాగితాన్ని లాగే రకం. రోలర్ కొంచెం జారినా లాగిన దిశలో కొలత మారిపోతుంది. అందుకే అడ్డం స్కేలు వేరు, నిలువు స్కేలు వేరు అవుతాయి. ఆటోక్యాడ్‌లో `ALIGN` గానీ `SCALE` గానీ బొమ్మను రెండు దిశల్లో ఒకే నిష్పత్తిలో పెంచుతాయి. కాబట్టి ఒక వైపు సరిచేస్తే రెండో వైపు పాడవుతుంది.

ముందు స్కాన్ సంగతి. షాపులో మామూలుగా నలుపు-తెలుపు పీడీఎఫ్ ఇస్తారు. అది వద్దు. 400 డీపీఐలో, కలర్‌లో, టిఫ్ ఫైలుగా అడగండి. జేపెగ్ తీసుకుంటే ప్రతి గీత చుట్టూ బూడిదరంగు నలుసులు చేరతాయి, అంచు ఎక్కడుందో తేల్చడం కష్టమవుతుంది. కలర్ ఎందుకంటే, అమోనియా ప్రింటులో గీత నీలం, పాత మరకలు పసుపు గోధుమ రంగు. నీలం గీత ఎర్ర కాంతిని మింగేస్తుంది, పసుపు మరక ఎర్ర కాంతిని తిప్పికొడుతుంది. అందుకని కలర్ ఫైలులో ఎరుపు చానెల్ ఒక్కటే తీస్తే గీతలు నల్లగా తేలతాయి, మరకలు చాలా వరకు మాయమవుతాయి. నలుపు-తెలుపుగా స్కాన్ చేయించాక ఈ అవకాశం ఉండదు. ఫోనుతో ఫొటో తీసి పని కానిద్దాం అనుకోవద్దు. లెన్సు వంపు, ఏటవాలు రెండూ కలిసిపోయి, తర్వాత ఏది ఎంత అని విడదీయలేం.

ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఎరుపు చానెల్ తీయడం, షీటు వాలు సరిచేయడం ఒకే వరుసలో అయిపోతుంది:

```
magick pump.tif -channel R -separate +channel -deskew 40% +repage pump_r.tif
```

ఇప్పుడు అసలు కొలత. మీ ప్లానులో నిలువు గ్రిడ్లు 1 నుంచి 7 వరకు, మధ్యలో ఆరు బేలు, ఒక్కోటి 4500 అనుకుందాం. మొత్తం 27000. అడ్డ గ్రిడ్లు ఏ నుంచి సీ వరకు 12000. 400 డీపీఐలో ఒక పిక్సెల్ కాగితం మీద 0.0635 మి.మీ., 1:50 స్కేల్లో సైటు మీద 3.175 మి.మీ. అంటే 27000కు 8504 పిక్సెళ్లు రావాలి, 12000కు 3780 రావాలి. గింప్‌లో ఫైలు తెరిచి, బాగా జూమ్ చేసి, ప్రతి గ్రిడ్ గీత మధ్యలో కర్సర్ పెట్టి కింద చూపించే పిక్సెల్ అంకె రాసుకోండి. మొదటి గ్రిడ్, చివరి గ్రిడ్ మాత్రమే కొలిచి ఆగిపోవద్దు. ఏడూ రాసుకోండి. షీటు పై అంచు దగ్గర ఒకసారి, కింది అంచు దగ్గర ఒకసారి.

మీరు చెప్పిన తేడాను బట్టి అడ్డంగా 8470 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. అది 26892 మి.మీ., అంటే 108 తక్కువ. నిలువుగా 3784 వచ్చిందనుకుందాం. అది 12014, అంటే 14 ఎక్కువ. ఇలాంటి బొమ్మను 27000కు సరిపోయేలా `SCALE` చేస్తే నిలువు కొలత 12062 అవుతుంది. గ్రిడ్ సీ మీద ఉన్న స్తంభం 62 మి.మీ. పక్కకు పోతుంది. దాన్ని నమ్మి బీమ్ కోస్తే సైటులో అది కూర్చోదు.

ఇక్కడే అందరూ తొందరపడతారు, కొంచెం ఆగండి. 34 పిక్సెళ్లు తగ్గాయని తెలిసింది, ఎక్కడ తగ్గాయో ఇంకా తెలీదు. బేల వెడల్పు విడివిడిగా చూడండి. ఆరు బేలూ 1411, 1412 చొప్పున వస్తే కాగితం అంతటా సమానంగా కుంచించుకుపోయిందని అర్థం. అది సులువు, ఆ దిశకు ఒక్క గుణకంతో సరిపోతుంది. అలా కాకుండా ఐదు బేలు 1415 చొప్పున వచ్చి ఒక్కటి మాత్రం 1395 వస్తే? మొత్తం అదే 8470. కానీ ఇప్పుడు కారణం వేరు. ఆ ఒక్క బేలో రోలర్ జారింది, లేదా అక్కడ షీటు మడత పడి కొంత లోపలికి పోయింది. దీనికి కూడా మొత్తం మీద గుణకం వేస్తే, బాగున్న ఐదు బేలనూ పాడుచేసినట్టే. మడత అయితే షీటును రెండు రోజులు చదునుగా బరువు కింద ఉంచి, స్కాన్ షాపులో దిశ మార్చి, అంటే పొడవు వైపు బదులు వెడల్పు వైపు నుంచి తోసి, మళ్లీ స్కాన్ చేయించండి. గ్రిడ్ గ్రిడ్‌కు విడిగా సాగదీసే రబ్బర్‌షీట్ సదుపాయం ఆటోక్యాడ్ రాస్టర్ డిజైన్‌లో ఉంది, క్యూజీఐఎస్ జియోరెఫరెన్సర్‌తో ఉచితంగా కూడా చేయొచ్చు. కానీ మంచి స్కాన్ మళ్లీ దొరికే వీలుంటే అదే మేలు.

బేకు బేకు మధ్య రెండు, నాలుగు పిక్సెళ్ల తేడా వస్తే కంగారు పడకండి. అది డ్రాఫ్ట్స్‌మన్ చేతిది. పెన్నుతో గీసిన గీత కాగితం మీద 0.3 మి.మీ. అటూ ఇటూ పోవడం మామూలే, 1:50లో అది 15 మి.మీ. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. స్కానర్ ఎంత గొప్పదైనా, డీపీఐ ఎంత పెంచినా, ఈ బొమ్మ 15 మి.మీ. కంటే సూక్ష్మంగా ఏదీ చెప్పలేదు. 1:100 షీటయితే 30.

షీటు పై అంచు, కింది అంచు కొలతలు వేరువేరుగా వస్తే, లేదా బోర్డరు రెండు మూలగీతలు సమానంగా లేకపోతే, షీటు స్కానర్లోకి ఏటవాలుగా వెళ్లింది. అప్పుడు రెండు గుణకాలు సరిపోవు, మళ్లీ స్కాన్ చేయించాలి. అన్నీ సమానంగా ఉంటే మన లెక్కకు అడ్డం 8504/8470, నిలువు 3779.5/3784:

```
magick pump_r.tif -resize 100.40%x99.88% pump_fix.tif
```

ఈ ఫైలును `IMAGEATTACH` చేసి, గ్రిడ్ ఏ మీద గ్రిడ్ 1, గ్రిడ్ 7 కలిసే చోట్ల `ALIGN` చేస్తే ఇప్పుడు అన్ని మూలలూ కూర్చుంటాయి. కూర్చున్నాయో లేదో మూడో బిందువు దగ్గర చూడండి. మీరు అలైన్ చేయని మూల, ఉదాహరణకు సీ మీద గ్రిడ్ 4, 15 మి.మీ. లోపు ఉంటే చాలు. బొమ్మను లాక్ చేసిన లేయరులో పెట్టి, రంగు మసక చేసి, `DRAWORDER`తో వెనక్కి పంపేయండి.

ఆటో ట్రేస్ ఎందుకు పనికిరాలేదో రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే వేరే సాఫ్ట్‌వేర్ కొంటే బాగుపడుతుందేమో అన్న ఆశ చాలామందికి ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు గీత అంచులను పట్టుకుంటాయి. దాంతో ప్రతి గీతా రెండు గీతలవుతుంది. సెంటర్‌లైన్ పట్టుకునేవి గీతను పలచబరుస్తూ ఒక పిక్సెల్ దాకా తెస్తాయి. రెండు గీతలు దాటుకునే చోట అది సరిగా కలవదు, చిన్న మెట్టు పడి రెండు కొక్కేల్లా విడిపోతుంది. చుక్కల గీత విడివిడి ముక్కలవుతుంది. కొలత అంకె బాణానికి తగిలి ఉంటే అంకె, బాణం, గీత ఒకే పాలీలైన్ అవుతాయి. `OVERKILL` ఒకదాని మీద ఒకటి పడిన గీతలను తీసేస్తుంది గానీ, 0.7 డిగ్రీ వాలిన బీమ్‌ను నిటారు చేయదు. కాంటూర్లు, కాలువ గట్టు, పాత సర్వే హద్దులు, అంటే కొలత రాయకుండా చేత్తో గీసిన వంపులున్న షీట్లకు మాత్రం ఆటో ట్రేస్ నిజంగా మేలు చేస్తుంది. పంప్‌హౌస్ స్టీలు పనికి కాదు.

గీయడం గ్రిడ్‌తో మొదలుపెట్టండి. అది బొమ్మ మీద ట్రేస్ చేయకూడదు. `XLINE`, `OFFSET`తో 4500, 4500 అని అంకెలు కొట్టి వేయాలి. తర్వాత స్తంభాలు, బీములు, గోడలు, ఓపెనింగులు, అన్నీ రాసిన కొలత నుంచే. సెక్షన్లను బొమ్మలోంచి ఎప్పుడూ కొలవొద్దు. షీటు మీద ఐఎస్ఎంబీ 300 అని రాసి ఉంటే లోతు 300, ఫ్లాంజి వెడల్పు 140. మిగతా మందాలు ఐఎస్ 808 పట్టిక నుంచి. ఆ కాగితం మీద ఫ్లాంజి మందం గీత మందంకంటే చిన్నది, దాన్ని కొలిచి ఎవరూ ఏమీ తేల్చలేరు. వైజాగ్ పోర్టు మొదలైన 1933 నాటి షీట్లు, ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాలవి ఎప్పుడైనా చేతికొస్తే, అవి అడుగులు అంగుళాల్లో ఉంటాయి. అడుగుకు పావు అంగుళం అంటే 1:48. దాన్ని 1:50 అనుకుని లాగితే 4 శాతం తేడా వస్తుంది, సెక్షన్లు కూడా మన పట్టికలో ఉండవు.

అంకెలు ఎక్కించేటప్పుడు ప్రతి వరుసనూ కూడండి. ఒక ఉదాహరణ చూద్దాం. వెడల్పు మొత్తం 12000 అని ఉంది, కింద ముక్కలు 900, 3300, 3600, 3300, 850 అని ఉన్నాయి. కూడితే 11950. ఎక్కడో 50 తప్పింది. ఇప్పుడు బొమ్మ సాక్ష్యానికి వస్తుంది. చివరి ముక్క సరిచేసిన బొమ్మలో 283 పిక్సెళ్లు, అంటే 899. మొదటి ముక్క 284, అంటే 902. తేడా 50, బొమ్మ సందిగ్ధం 15. కాబట్టి గీసింది 900కే అని ధైర్యంగా చెప్పొచ్చు. తేడా 10 మాత్రమే అయి ఉంటే బొమ్మను అడగడం దండగ, సైటుకు వెళ్లాలి.

అయినా 850ని కొట్టేసి 900 రాసేయకండి. ముందు మూలన ఉన్న రివిజన్ పట్టిక చదవండి. పాత రోజుల్లో చిన్న మార్పు వస్తే షీటంతా మళ్లీ గీసేవారు కాదు. పాత అంకె బ్లేడుతో గీకేసి కొత్త అంకె రాసి, కింద ఒక గీత గీసేవారు. అంకె కింద గీత ఉందంటే ‘ఈ కొలత స్కేలుకు లేదు’ అని అర్థం. అక్కడ అంకె నిజం, బొమ్మ పాతది. ఆ సన్నగీత అమోనియా ప్రింటులో వెలిసిపోయి, స్కాన్‌లో కనపడకుండా పోవచ్చు. అందుకే అనుమానం ఉన్న అంకె దగ్గర స్కాన్ కాకుండా అసలు షీటే, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడండి. గీకింది ఆ షీటు మీదే అయితే అక్కడ కాగితం మెరుపు మారి ఉంటుంది. మీ చేతిలోది ప్రింటు కాపీ కాబట్టి గీకిన జాడ తెలియదు గానీ, ఆ చోట వెనకటి రంగు కొంచెం తేడాగా పడి ఉంటుంది. 3, 8 మధ్య, 1, 7 మధ్య, 0, 6 మధ్య కూడా ఇలాగే చూడాలి. ఒకరు షీటు చదువుతుంటే ఇంకొకరు క్యాడ్‌లో సరిచూడటం మంచి పద్ధతి. గీసినవాళ్లే సరిచూసుకుంటే తమ తప్పు తమకు కనపడదు.

ఇక లేజర్ స్కాన్. ఇప్పటిదాకా చేసిందంతా ఆ రోజు ఏం కట్టాలనుకున్నారో చెబుతుంది. ఏం కట్టారో పాయింట్ క్లౌడ్, అంటే లేజర్ కొలిచిన బిందువుల గుంపు చెబుతుంది. సర్వేయర్ ఇచ్చింది ఈ57 ఫైలయితే రీక్యాప్‌లో తెరిచి, వచ్చిన ఆర్‌సీపీ ఫైలును `POINTCLOUDATTACH` చేయండి. రీక్యాప్ లేకపోతే క్లౌడ్‌కంపేర్ ఉచితం. ముందు రెండు చిక్కులు విప్పుకోవాలి. క్లౌడ్ మీటర్లలో ఉంటుంది, మీ డ్రాయింగు మి.మీ.లో, అంటే సరిగ్గా 1000 రెట్లు. ఇంకోటి, యూటీఎం జోన్ 44 నిర్దేశాంకాల్లో ఇస్తే అంకెలు లక్షల్లో ఉంటాయి. అంత దూరంలో గీస్తే చిన్న ఆర్కులు, హ్యాచింగ్ గందరగోళం అవుతాయి. గ్రిడ్ ఏ-1 దగ్గరకు సున్నా తెచ్చుకుని, ఎంత జరిపారో డ్రాయింగులోనే ఒక మూల రాసి పెట్టండి.

క్లౌడ్‌లో బిందువు మీద బిందువు క్లిక్ చేసి గీత గీయకండి. బిందువులు రెండు మూడు మి.మీ. అటూ ఇటూ చెదిరి ఉంటాయి. అంచుల దగ్గరయితే కిరణం సగం ఫ్లాంజి మీద, సగం వెనక గోడ మీద పడి, గాలిలో తేలే తప్పుడు బిందువులు పుడతాయి. నేల నుంచి 1200 ఎత్తులో 20 మి.మీ. మందం ముక్క కోసి పైనుంచి చూస్తే స్తంభం ముఖాలు సన్నటి పట్టీల్లా కనిపిస్తాయి. ఆ పట్టీ మధ్యగా గీత వేయండి. మీకు ఒక పక్కే స్కాన్ ఉంది కాబట్టి స్తంభం రెండో ఫ్లాంజి కనపడదు. పర్లేదు. ఐఎస్ఎంబీ 300 అని తెలుసు కాబట్టి కనిపించే ముఖం నుంచి 150 లోపలికి సెంటర్. పైపులకూ అంతే, క్లౌడ్‌కంపేర్‌లో సిలిండర్ ఫిట్ చేసినప్పుడు 171 వస్తే అది రంగు పొరలతో ఉన్న 150 ఎన్‌బీ పైపు, గీయాల్సింది 168.3. అదే 270 వస్తే పైపు కాదు, దాని మీదున్న ఇన్సులేషన్ రేకును కొలిచారు. లోపలి సైజు డ్రాయింగులో గానీ ఫ్లాంజి దగ్గర గానీ చూసుకోవాలి.

క్లౌడును మీ గ్రిడ్ మీదకు తెచ్చేటప్పుడు జరపండి, తిప్పండి, సాగదీయకండి. `ALIGN` చివర స్కేలు చేయాలా అని అడిగితే `No`. దూరంగా ఉన్న రెండు స్తంభాల సెంటర్లు క్లౌడ్‌లో 27012 వచ్చి, కాగితం మీద 27000 ఉంటే, ఆ 12 ఎరెక్షన్‌లో వచ్చిన నిజమైన తేడా. మీ ప్లాట్‌ఫారం బీము కూర్చోవాల్సింది దాని మీదే. గ్రిడ్ గీతలను 27000గానే ఉంచి, స్తంభాలను అవి ఉన్న చోటే గీయండి.

దీనికోసం మొదటి రోజు నుంచీ లేయర్లను వస్తువును బట్టి మాత్రమే కాకుండా, కొలత ఎక్కడినుంచి వచ్చిందో దాన్ని బట్టి కూడా విడదీయమని గట్టిగా చెబుతాను. `STEEL_DIM` అంటే రాసిన అంకె నుంచి, `STEEL_SCALED` అంటే అంకె లేక బొమ్మ మీద కొలిచింది, `STEEL_SITE` అంటే క్లౌడ్ నుంచి గానీ టేపుతో గానీ వచ్చింది. రెండో దానికి ఎర్ర రంగు ఇవ్వండి. ఆరు నెలల తర్వాత ఈ ఫైలు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆటోక్యాడ్‌లో క్లిక్ చేస్తే అన్ని గీతలూ మూడు దశాంశాలతో కొలత చూపిస్తాయి, ఏది 15 మి.మీ. ఊహో వాళ్లకు తెలిసే మార్గం ఇదొక్కటే.

షాపు డ్రాయింగు ఇచ్చేముందు ఎర్ర గీతలు ఎన్ని మిగిలాయో చూడండి. వాటిలో మీ కొత్త స్టీలు తగిలేవి ఏరి, ఆ జాబితా పట్టుకుని సైటుకు వెళ్లండి. లేజర్ స్కాన్ లేని వైపు స్తంభం ముఖం నుంచి ముఖానికి లేజర్ మీటరుతో తీసుకోండి, కింద ఒకటి, బీము ఎత్తులో ఒకటి, ఎందుకంటే స్తంభం వాలి ఉండొచ్చు. పాత బేస్‌ప్లేటు బోల్టులకు కొత్త ప్లేటు తగిలించే పని ఉంటే కాగితాన్నీ క్లౌడునూ రెంటినీ నమ్మకండి. తుప్పు, గ్రౌటు కింద ఉన్న బోల్టు సెంటర్ క్లౌడ్‌లో దొరకదు. గ్రౌటు గీకి, బ్రష్ కొట్టి, ఒక పలచటి రేకు మీదో ప్లైవుడ్ మీదో బోల్టుల అచ్చు తీసుకోండి. షాపులో రంధ్రాలు ఆ అచ్చు పెట్టి మార్కు చేశాకే డ్రిల్ చేయండి.